లెటర్ మీద ఏ తేదీ వేయాలి?

ప్రశ్న: మాది ఇరవై మంది లోపు పనిచేసే కంపెనీ. జీతాలు, సెలవులు, ఆఫీసు ఉత్తరాలు అన్నీ నేనే చూస్తాను. మాకున్న రెండు గోడౌన్లలో ఒకటి మూసేస్తున్నారు. అక్కడి డిస్పాచ్ సూపర్‌వైజర్ తొమ్మిదిన్నరేళ్లు దాటి పనిచేస్తున్నారు. నేను చేరిన కొత్తలో నాకు పని నేర్పింది ఆయనే. ఆయన్ని తీసేస్తున్నట్టు లెటర్ రాయమని ఓనర్ నాకు చెప్పారు. ఆయనేమో వాళ్లమ్మగారి ఆపరేషన్ కోసం సెలవులో ఉన్నారు, జూన్ 10న వస్తారు. కానీ జూన్ 2 తేదీతో ఈ రాత్రికే మెయిల్ పంపేయాలట. అలాగైతే రెండు నెలల నోటీసు ఆగస్టు 2కి పూర్తవుతుంది, ఆగస్టు 5న రోల్స్‌లో ఉన్నవాళ్లకి ఇచ్చే బోనస్ తప్పుతుందని ఓనర్ లెక్క. పైగా 'పనితీరు కూడా అంతంతమాత్రమే' అని ఒక లైను రాయాలట, ఎందుకైనా మంచిదని. ల్యాప్‌టాప్, ఫోను, తాళాలు అప్పజెప్పేదాకా సెటిల్‌మెంట్ ఆపాలట. వీలైతే ఆయన చేతే రాజీనామా రాయించాలట. నిన్న ఆయన ఫోన్ చేసి "ఆఫీసులో అంతా బానే ఉందా అమ్మా" అని అడిగితే నాకు నోరు పెగల్లేదు. ముందే చెప్పేయనా? అసలు ఈ లెటర్ ఎలా రాయను?
— పేరు వద్దు

జవాబు: ముందు తేదీ సంగతి తేల్చేద్దాం. మీ ఓనర్ గారి ప్లానంతా దాని మీదే నిలబడి ఉంది, అది కూలితే మిగతావి మాట్లాడటం తేలిక.

సరిగ్గా ఇలాంటి లెక్కే బ్రిటన్‌లో ఒక ఆసుపత్రి యాజమాన్యం వేసుకుంది. 2011లో ఒక ఉద్యోగిని పోస్టు రద్దు చేశారు. ఆమెకి పన్నెండు వారాల నోటీసు ఇవ్వాలి. జులై 20న ఆమెకి 50 నిండుతాయి. ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఉద్యోగం పోతే ఆమెకి పెన్షన్ బాగా ఎక్కువ వస్తుంది, ఒక్కరోజు ముందు పోయినా తగ్గిపోతుంది. ఏప్రిల్ 20న లెటర్‌ను రిజిస్టర్డ్ లాంటి పోస్టులో ఒకటి, మామూలు పోస్టులో ఒకటి, ఆమె భర్త మెయిల్‌కి ఒకటి పంపారు. ఆమె సెలవు మీద ఊళ్లో లేరు. ఏప్రిల్ 27న ఇంటికొచ్చి చదివారు. ఆ రోజు నుంచి పన్నెండు వారాలు లెక్కేస్తే సరిగ్గా జులై 20 అవుతుంది. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2018లో తీర్పు ఆమె వైపే వచ్చింది. నోటీసు ఎప్పుడు అందినట్టు లెక్కో ఒప్పందంలో రాసి లేనప్పుడు, ఉద్యోగి దాన్ని చదివినప్పటి నుంచో, చదవడానికి సహేతుకమైన అవకాశం దొరికినప్పటి నుంచో నోటీసు మొదలవుతుందన్నారు. లెటర్ మీద వేసిన తేదీ గానీ, పోస్టులో వేసిన తేదీ గానీ కాదు.

ఆ తీర్పు మీ దేశంలో చెల్లుతుందని నేననడం లేదు. దాని వెనకున్న వాదన మాత్రం ఎక్కడైనా ఎవరైనా లేవనెత్తగలిగేదే. సెలవులో ఉన్న మనిషికి, అదీ ఆసుపత్రిలో తల్లి పక్కన కూర్చున్న మనిషికి, రాత్రిపూట ఆఫీసు మెయిల్ పంపి ఆ క్షణం నుంచే నోటీసు నడిచిందంటే ఆయన ఒప్పుకోకపోవచ్చు. అందుకని మీరు మొదట చేయాల్సిన పని ఆయన అపాయింట్‌మెంట్ లెటర్ తీసి నోటీసు క్లాజు చదవడం. 'మెయిల్ పంపిన రోజే అందినట్టు' అని అందులో స్పష్టంగా ఉంటే ఓనర్ మాటకి కొంత బలం ఉంటుంది. అలాంటి మాట లేకపోతే ఈ రాత్రి మెయిల్ వల్ల మిగిలేది ఒక గొడవ.

అలాగని దారి ఒక్కటే ఉందని కాదు, మూడున్నాయి. మొదటిది ఓనర్ చెప్పినట్టు ఇవాళే పంపడం. బోనస్ మిగిలితే మిగలొచ్చు. కానీ బోనస్ ఎగ్గొట్టడానికే తేదీ ముందుకి లాగారని అవతలివాళ్లు అనడానికి మీ దగ్గరున్న మెయిళ్లే సాక్ష్యం అవుతాయి. రెండోది, జూన్ 10న ఆయన వచ్చాక కూర్చోబెట్టి మాట్లాడి, అదే రోజు తేదీతో లెటర్ చేతికివ్వడం. నోటీసు జూన్ 11 నుంచి ఆగస్టు 10దాకా నడుస్తుంది, బోనస్ ఇవ్వాలి. మూడోది, జూన్ 10న లెటర్ ఇచ్చి, రెండు నెలల నోటీసు జీతం డబ్బుగా కట్టి ఆ రోజుతోనే ఉద్యోగం ముగించడం. దీనికి ఒప్పందంలో అవకాశం ఉందో లేదో చూడాలి. లేకుండా చేస్తే డబ్బు కట్టినా ఒప్పందం తప్పినట్టే అనిపించుకోవచ్చు. నోటీసు కాలంలో వచ్చే బోనస్‌నీ ఆ డబ్బులో కలపాలని కొన్నిచోట్ల అడుగుతారు. కాబట్టి మూడో దారిలో బోనస్ తప్పుతుందన్న భరోసా లేదు.

నన్నడిగితే బోనస్ ఎంతో ముందు ఒక కాగితం మీద రాసి ఓనర్ ముందు పెట్టండి. ఇలాంటి లెక్కలు నోటితో చెప్పుకున్నప్పుడు పెద్దగా కనిపిస్తాయి. వకీలు మొదటి ఫీజు పక్కన పెట్టి చూస్తే చాలామంది ఓనర్లు నవ్వేసి వదిలేస్తారు. అందరూ కాదనుకోండి.

ఏ దారి ఎంచుకున్నా రెండు తేదీలు పడకుండా చూడండి. జూన్ 2 అని ముద్రించిన లెటర్ జూన్ 10న చేతికిస్తే తర్వాత చదివేవాళ్లకి మొదట వచ్చేది అనుమానమే. ఇచ్చే రోజు తేదీయే వేయండి. లోపల 'రెండు నెలల నోటీసు' అని ఊరుకోవద్దు, 'అరవై రోజులు' అనీ వద్దు. జూన్ 11 నుంచి అరవై రోజులు లెక్కేస్తే ఆగస్టు 9కి వస్తుంది, రెండు నెలలంటే ఆగస్టు 10. ఒక్కరోజే కదా అనిపిస్తుంది గానీ ఆ ఒక్కరోజుకే పైన చెప్పిన ఆసుపత్రి ఏడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది. 'మీ నోటీసు కాలం జూన్ 11న మొదలై ఆగస్టు 10తో ముగుస్తుంది. మీ ఉద్యోగంలో చివరి రోజు ఆగస్టు 10' అని రెండు వాక్యాలు రాస్తే ఎవరూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకునే పని ఉండదు. టెంప్లేట్లలో 'తక్షణమే అమల్లోకి వచ్చేలా' అన్న మాట ఎక్కడో ఒకచోట దాక్కుని ఉంటుంది. నోటీసు ఇస్తున్న లెటర్‌లో అది ఉంటే రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వెతికి తీసేయండి.

ఇక ఆ పనితీరు లైను. దాన్ని రాయొద్దని నేను గట్టిగానే చెబుతాను, ఆయన మీద జాలితో కాదు. ఉద్యోగం తీసేయడానికి చట్టాలు సాధారణంగా గుర్తించే కారణాలు మూడు రకాలు: ఆ మనిషి సామర్థ్యం, ప్రవర్తన, సంస్థ అవసరాలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒడంబడికలో కూడా ఈ మూడే ఉన్నాయి. చాలా దేశాలు దాన్ని ఆమోదించలేదు, ఆ విభజన మాత్రం చాలాచోట్ల కనిపిస్తుంది. గోడౌన్ మూసేయడం మూడో రకం. పనితీరు మొదటి రకం. పనితీరు పేరెత్తి తీసేసేటప్పుడు ఆ మనిషికి ముందు ఆరోపణ చెప్పి, సమాధానం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని అదే ఒడంబడిక అంటుంది. మీ ఫైల్లో ఆయనకిచ్చిన ఒక్క హెచ్చరికైనా ఉందా? తొమ్మిదేళ్ల ఇంక్రిమెంట్ లెటర్లు మాత్రం ఉండే ఉంటాయి. ఆ లైను రాసిన మరుక్షణం 'అసలు కారణం గోడౌనా, నేనా' అన్న ప్రశ్న పుడుతుంది. భద్రత కోసం పెట్టిన వాక్యమే ఉన్న భద్రతని తీసేస్తుంది.

కారణం రాయాల్సిన తీరు ఇలా ఉంటే సరిపోతుంది: 'రెండో గోడౌన్‌ను జులై 31తో మూసివేయాలని కంపెనీ నిర్ణయించింది. దానివల్ల అక్కడి డిస్పాచ్ సూపర్‌వైజర్ పోస్టు రద్దవుతోంది. కంపెనీలో మీకు తగిన మరో పోస్టు ఉందేమో పరిశీలించాం, ప్రస్తుతం లేదు. ఈ నిర్ణయానికి మీ పనితీరుతో గానీ ప్రవర్తనతో గానీ సంబంధం లేదు.' మూసే తేదీ నేను ఊహించి వేశాను, మీది వేసుకోండి. మూడో వాక్యం మాత్రం నిజమైతేనే రాయండి. మూయకుండా మిగిలే గోడౌన్‌లోనూ ఒక సూపర్‌వైజర్ ఉండి ఉంటారు కదా. ఇద్దరిలో ఈయన్నే ఎందుకు అని ఆయన మొదటి నిమిషంలోనే అడుగుతారు. దానికి ఓనర్ దగ్గర జవాబు లేకపోతే లెటర్ ఎంత బాగా రాసినా ఉపయోగం లేదు. పోస్టు ఎందుకు పోతోంది, వేరే పని ఏమైనా ఇవ్వగలమా, ఆయన అనేదేమిటి అన్న మాటలు లెటర్‌కి ముందు జరగాలి. చాలా దేశాల్లో ఆ సంప్రదింపు చట్టంలోనే ఉంది. మరో మాట, పోస్టు రద్దయిందని రాసి మూడు నెలల్లో అదే పనికి, వేరే పేరుతో అయినా సరే, కొత్త మనిషిని తీసుకుంటే ఆ లెటర్ అబద్ధమని కంపెనీయే చాటుకున్నట్టు. ఓనర్ మనసులో అలాంటి ఆలోచన ఏమైనా ఉందేమో ఇప్పుడే అడిగేయండి.

రాజీనామా రాయించడం గురించి. ఓనర్లకిది ఎందుకు నచ్చుతుందో తెలిసిందే, నష్టపరిహారం తప్పుతుందని. ఆయన వైపు నుంచి చూస్తే పోస్టు రద్దుకి వచ్చే పరిహారం పోతుంది. నిరుద్యోగ భృతి ఉన్న దేశమైతే తనంతట తానే మానేశారని అది కూడా ఆగిపోవచ్చు. ఉద్యోగం పోతే ఇన్‌స్టాల్‌మెంట్లు కట్టే బీమా ఏదైనా తీసుకుని ఉంటే అదీ పనిచేయదు. ఇవన్నీ తర్వాత తెలిసిన మనిషి 'నా చేత బలవంతంగా రాయించారు' అనక మానడు. పరస్పర అంగీకారంతో విడిపోవాలనుకుంటే దానికి వేరే పద్ధతి ఉంది. మామూలుగా రావాల్సిన దానికంటే ఎక్కువ ఇవ్వాలి, చదువుకోవడానికీ ఎవరినైనా అడగడానికీ టైమివ్వాలి, అది వేరే ఒప్పంద పత్రంగా ఉండాలి. ఎక్కువిచ్చే ఉద్దేశం లేకపోతే ఆ మాటే ఎత్తకపోవడం మంచిది.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. చదివేవాళ్లు ఎక్కువసేపు ఆగి చూసేది ఈ పేరానే. చాలా లెటర్లలో ఉండేది ఒక్క వాక్యం: 'మీకు రావాల్సిన బకాయిలు నిబంధనల ప్రకారం చెల్లిస్తాం.' దాన్ని చదివిన మనిషికి ఏం తెలిసింది? ఏమీ తెలియదు, అందుకే అడుగుతూనే ఉంటాడు, మీరు చెబుతూనే ఉంటారు. దాని బదులు లెక్క వేసి చూపించండి.

లెక్క సులువుగా ఉండటానికి ఆయన నెల జీతం 3,000 అనుకుందాం, ఏ కరెన్సీ అయినా సరే. రెండో దారి ఎంచుకుని ఆగస్టు 10 చివరి రోజనుకుందాం. జూన్, జులై జీతాలు మామూలు తేదీల్లోనే వెళ్లిపోతాయి, వాటిని ఇందులో కలపొద్దు. ఆగస్టులో పది రోజుల జీతం, నెలకి ముప్పై రోజుల చొప్పున 1,000. వాడని సెలవులు ఆగస్టు 10 నాటికి 12 ఉన్నాయనుకుందాం. నోటీసులో ఉన్నంతకాలం ఆయన ఉద్యోగే కాబట్టి సెలవులు జమవుతూనే ఉంటాయి, ఇవాళ్టి సంఖ్య వేసి ఊరుకోవద్దు.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఒక్క సెలవు విలువ ఎంత? జీతాన్ని ముప్పైతో భాగిస్తే 100. నెలలో పనిదినాలు 20 అనుకుని వాటితో భాగిస్తే 150. పన్నెండు సెలవులకి మొదటి లెక్కలో 1,200, రెండో లెక్కలో 1,800. ఆరు వందల తేడా, అంటే నెల జీతంలో అయిదో వంతు! ఒప్పందంలోనో చట్టంలోనో సూత్రం ఉంటే అదే వాడాలి. లేకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. ఆయన సెలవు పెట్టినప్పుడు మధ్యలో వచ్చిన వారాంతాల్ని సెలవులుగా కోశారా? కోయకపోతే మీ సెలవు అంటే పనిదినం అన్నమాట, భాగించాల్సింది కూడా పనిదినాలతోనే. కోసేటప్పుడు ఒక లెక్క, ఇచ్చేటప్పుడు ఇంకో లెక్క కుదరదు. ఇక్కడ 1,800 వేద్దాం.

పరిహారం మీ ఒప్పందం ప్రకారమో, మీ దేశ చట్టం ప్రకారమో ఉంటుంది. ఉదాహరణకి ఏడాదికి అర నెల జీతం అనుకుందాం, అంటే ఏడాదికి 1,500. ఆయన సర్వీసు తొమ్మిదిన్నర దాటింది. పూర్తయిన ఏళ్లే లెక్కయితే 13,500, ఆర్నెల్లు దాటితే ఏడాదిగా పరిగణించే చోటయితే 15,000. ఏ పద్ధతో మీరు రూల్లో చూసి లెటర్‌లో ఆ మాటే రాయండి. సర్వీసు చేరిన రోజు నుంచి చివరి రోజుదాకా, లెటర్ ఇచ్చిన రోజుదాకా కాదు. మనం తక్కువ లెక్కే, 13,500 తీసుకుందాం. బోనస్ అర నెల, 1,500. ఆయన చేతి నుంచి పెట్టిన ప్రయాణ ఖర్చుల బిల్లులు పాసవ్వాల్సినవి 240. మొత్తం 18,040. జీతం మీద అడ్వాన్సు తీసుకుని ఇంకా 500 కట్టాల్సి ఉంటే అది తీసేస్తే 17,540. దీనిలో పన్ను ఎంత పోతుందో వేరే లైనులో. ఒక్కోదానికి పన్ను ఒక్కోలా ఉంటుంది, చేతికి వచ్చే మొత్తం చూసి ఆయన ఉలిక్కిపడకూడదు.

ఈ వరసంతా లెటర్ మధ్యలో కుక్కకుండా వెనక ఒక పేజీగా జతచేయండి. లెటర్‌లో మాత్రం 'జతచేసిన లెక్క ప్రకారం పన్నుకి ముందు 17,540, ఫలానా తేదీలోగా మీ జీతం ఖాతాలో జమ చేస్తాం' అని రాయండి. ఆ ఫలానా తేదీ చాలాచోట్ల చట్టమే నిర్ణయిస్తుంది, కొన్ని దేశాల్లో అది రోజుల్లోనే. ఆ గడువు లోపలి తేదీయే వేయాలి. సెలవుల సంఖ్య ఇంకా మారే అవకాశం ఉంటే 'ఆగస్టు 10 వరకు మీరు సెలవు వాడుకోకపోతే' అని ఒక షరతు చేర్చండి, చాలు.

కంపెనీ వస్తువుల పేరాకి వస్తే, రెండు విషయాల్ని విడదీయాలి. ఆయన చేసిన పనికి జీతం రావడం ఒకటి, కంపెనీ వస్తువు తిరిగివ్వడం ఒకటి. మొదటిదాన్ని రెండోదానికి తాకట్టు పెట్టే హక్కు చాలాచోట్ల యజమానికి ఉండదు. వస్తువు రాకపోతే దాని ఇప్పటి విలువని, కొన్నప్పటి ధరని కాదు, ఒప్పందమూ చట్టమూ ఒప్పుకున్న మేరకి కోయొచ్చేమో గానీ మొత్తం సెటిల్‌మెంట్ ఆపడం వేరే సంగతి. అయితే ఓనర్ భయంలో కూడా అర్థం లేకపోలేదు. డబ్బు వెళ్లిపోయాక ల్యాప్‌టాప్ కోసం నెలల తరబడి ఫోన్లు చేసిన కంపెనీలు చాలా ఉన్నాయి. దానికి మందు బెదిరింపు కాదు, వరస. వస్తువులు తిరిగిచ్చే తేదీ సెటిల్‌మెంట్ తేదీ కంటే ముందు పడేలా పెట్టండి. మూడో దారి అయితే తప్ప, ఆగస్టు 10న వస్తువులు, ఆ తర్వాత అయిదారు రోజుల్లో డబ్బు. షరతు అన్న మాట రాయకుండానే పని జరిగిపోతుంది.

'కంపెనీకి చెందిన ఆస్తులన్నీ' అని రాయొద్దు. ఆస్తుల రిజిస్టర్ తీసి ఒక్కోటీ రాయండి: ల్యాప్‌టాప్ సీరియల్ నంబరుతో, ఛార్జర్, ఫోను, గోడౌన్ తాళాలు ఎన్ని జతలు, స్కానర్, ఇంధన కార్డు. రిజిస్టర్‌లో ఉండి ఎప్పుడో పాడైపోయినవి కూడా ఉంటాయి. ఆయన్ని అడిగి కొట్టేయండి. ఎవరు తీసుకుంటారో, కొరియర్ అయితే ఖర్చు ఎవరిదో (కంపెనీదే ఉండాలి) రాయండి. తీసుకున్నాక ఒక రసీదు ఇవ్వండి. ఆ రసీదు ఆయనకంటే మీకే ఎక్కువ అక్కరకొస్తుంది.

టెంప్లేట్లలో ఎక్కడా కనిపించని విషయం ఒకటుంది. తొమ్మిదేళ్లుగా ఒకే కంపెనీ సిమ్ వాడుతున్న మనిషికి బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తుంటాయి. లెటర్ ఇచ్చిన పూటే సిమ్ ఆపేశారనుకోండి, పరిహారం ఖాతాలో పడినా తీసుకోవడానికి ఆయన తిప్పలు పడాలి. నంబరు ఆయన పేరుకి మార్చి ఇవ్వగలిగితే ఇచ్చేయండి, కుదరకపోతే మార్చుకోవడానికి ఒక గడువు లెటర్‌లోనే రాయండి. అలాగే జీతం స్లిప్పులు, పన్ను పత్రాలు ఆఫీసు మెయిల్లోనే ఉండిపోతాయి. మెయిల్ మూసే ముందు అవి దింపుకోనివ్వండి. ల్యాప్‌టాప్‌లో వాళ్ల పిల్లల ఫొటోలుంటే తీసుకోనివ్వండి, అది మీ ఐటీ చూసేవాళ్లు పక్కనుండగా. 'మొత్తం తుడిచేసి ఇవ్వండి' అని మాత్రం రాయకండి. స్టాకు లెక్కలు కూడా పోయాక ఎవరు తుడిచారన్న గొడవ వస్తుంది.

నోటీసు కాలంలో ఆయన పనికి రావాలా, ఇంట్లో ఉండాలా అన్నదీ లెటర్‌లోనే తేల్చాలి. ఇంట్లో ఉండమంటే జీతం, బీమా, సెలవుల జమ అన్నీ నడుస్తాయి, కానీ ఆగస్టు 10దాకా ఆయన ఇంకోచోట చేరలేరు. డబ్బు కట్టి వెంటనే పంపేస్తే రేపే వేరే ఉద్యోగంలో చేరొచ్చు, కానీ కంపెనీ వైద్య బీమా ఉంటే అది ఆగిపోవచ్చు. వాళ్లమ్మగారి ఆపరేషన్ ఇప్పుడే అయింది కాబట్టి, ఆమె పేరు ఆ బీమాలో ఉంటే ఈ ఒక్క కారణంతోనే ఆయన మూడో దారి వద్దనొచ్చు. ఓనర్‌కి రెండూ ఒకటే ఖర్చయితే ఎంచుకోవడం ఆయనకే వదిలేయమని అడిగి చూడండి.

లెటర్ కింద సంతకం దగ్గర 'చదివి అంగీకరించాను' అని ఉంటే 'ఈ లెటర్ కాపీ నాకు ఫలానా తేదీన అందింది' అని మార్చండి. అందిందని సంతకం చేయడానికి మనుషులు వెనకాడరు, అంగీకరించానంటే వెనకాడతారు, వెనకాడాలి కూడా. 'ఇకపై కంపెనీ మీద నాకు ఎలాంటి క్లెయిములూ లేవు' అన్న వాక్యం ఇందులో ఉండకూడదు. ఆయన సంతకం చేయనంటే కాపీ ఇచ్చి, ఎవరి ముందు ఎన్ని గంటలకి ఇచ్చారో మీ కాపీ మీద రాసుకుంటే సరిపోతుంది.

ఆయనకి ముందే చెప్పాలా అన్నారు. చెబితే ఆయనకి వారం రోజుల టైము దొరుకుతుంది, నిజమే. కానీ మీరు చెప్పేది సగం సమాచారం, తేదీ తెలియదు, మొత్తం తెలియదు, అదీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు. ఆయన వెంటనే ఓనర్‌కి ఫోన్ చేస్తే ఆ సాయంత్రమే మీ ఉద్యోగం కూడా ప్రశ్నార్థకం అవుతుంది, ఆ తర్వాత ఆ లెటర్ రాసేది ఎవరో, ఎలా రాస్తారో మీ చేతిలో ఉండదు. చెప్పకపోతే 'నీకు తెలిసి కూడా' అని ఆయన బాధపడొచ్చు, అదీ భరించాల్సిందే. నేనైతే చెప్పను. మళ్లీ ఫోన్ చేసి అడిగితే 'బానే ఉంది' అని అబద్ధం కూడా ఆడను. 'అమ్మగారి సంగతి చూసుకోండి, వచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం' అంటాను.

ఓనర్‌తో మాత్రం ఈ రాత్రి లోపే మాట్లాడండి. నోటితో కాదు, నాలుగు లైన్ల మెయిల్‌తో: సెలవులో ఉన్నప్పుడు పంపితే నోటీసు తేదీ మీద వివాదం రావచ్చు, పనితీరుకి ఫైల్లో ఆధారం లేదు, సెటిల్‌మెంట్ ఆపడం గురించి వకీలుని ఒక మాట అడగండి, జూన్ 10 తేదీతో డ్రాఫ్టు జతచేశాను. ఎదురు చెప్పినట్టు కాకుండా పని చేసి చూపించినట్టు ఉంటుంది. అయినా పాత పద్ధతే కావాలంటే మీరు సలహా ఇచ్చినట్టు ఒక కాగితం మిగులుతుంది. అప్పుడు కూడా లెటర్ కింద మీ సంతకం పెట్టకండి. అపాయింట్‌మెంట్ లెటర్ మీద ఎవరు సంతకం పెట్టారో వాళ్లే దీని మీదా పెట్టాలి, జూన్ 10న ఆ గదిలో కూర్చుని మాట్లాడేదీ వాళ్లే. మీరు లెక్కల పేజీ పట్టుకుని పక్కన ఉండండి. ఆయన అడిగే ప్రశ్నల్లో సగం దాని గురించే ఉంటాయి, వాటికి జవాబు చెప్పగలిగింది ఆ గదిలో మీరొక్కరే.